రన్నింగ్ బిల్లు ఎలా వేయాలి: కొలతలు, సైటులోని స్టాకు, వాటి వెనుక లెక్కలు

విశాఖపట్నంలో ఇళ్లు, చిన్న అపార్ట్‌మెంట్లు కట్టే కాంట్రాక్టర్లకు రన్నింగ్ బిల్లులు, అంటే పని సాగుతుండగా విడతలుగా వేసే బిల్లులు, రాసిపెట్టడం నా పని. మధురవాడ నుంచి వచ్చినా, గాజువాక నుంచి వచ్చినా వారు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "పని చేశాను, సరుకు కొన్నాను, సైటులో కళ్లకు కనబడుతూనే ఉంది. అయినా ఇంజనీరుగారు బిల్లులో అంత సొమ్ము ఎందుకు కోశారు?" అలాంటి బిల్లులను తెరిచి చూస్తే చాలాసార్లు కనబడేది మోసం కాదు, ఒకే సరుకును రెండు చోట్ల లెక్కించడం. ఇనుము ఈ నెల స్టాకులో ఉంటుంది, వచ్చే నెల శ్లాబులోకి వెళ్తుంది. కాగితం మీద మాత్రం రెండు చోట్లా నిలిచిపోతుంది.

నేనూ ఆ తప్పు చేశాను. మొదట్లో ఒక సైటులో రెండో బిల్లులో చూపిన ఇనుము స్టాకును మూడో బిల్లులో తీసివేయడం మరిచాను. అదే ఇనుము శ్లాబు కింద కొలతలలోనూ వచ్చింది. సరిచూసిన ఇంజనీరు ఆ ఒక్క వరుసను కొట్టివేసి ఊరుకోలేదు. నా లెక్కల మీద నమ్మకం పోయి బిల్లు మొత్తాన్ని తిరిగి కొలవమన్నారు. ఆ మూడు వారాలు కూలీలకు చెల్లించడానికి కాంట్రాక్టరు అప్పు చేయవలసి వచ్చింది. అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతినే ఇక్కడ ఒక ఉదాహరణతో వివరిస్తాను.

ఉదాహరణకు మధురవాడలో కింది అంతస్తు మీద మరో రెండు అంతస్తులు వేసే ఒక ఇంటిని తీసుకుందాం. ఒప్పందం సరుకుతో సహా, ఒక్కో పనికి ఒక్కో రేటు చొప్పున కుదిరింది. ఇప్పుడు వేస్తున్నది మూడో బిల్లు. రెండో బిల్లు తరువాత మొదటి అంతస్తు పిల్లర్లు లేచాయి, దాని శ్లాబు పడింది, కొన్ని గోడలు కట్టారు. రేట్లు లెక్క చూపడానికి వేసుకున్నవే కాబట్టి మీ ఒప్పందంలోని రేట్లను వాటి స్థానంలో పెట్టుకోండి.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

ఒప్పందం నకలు, ఇంజనీరు సంతకం ఉన్న తాజా డ్రాయింగులు, కిందటి బిల్లుకు ఇంజనీరు ఆమోదించిన ప్రతి, కొలతల పుస్తకం, ఇనుము వేబ్రిడ్జి చీటీలు, సిమెంటు చలాన్లు, కొనుగోలు బిల్లులు, ఒక స్టీలు టేపు. కిందటి బిల్లులో మీరు అడిగిన ప్రతి కాకుండా, ఇంజనీరు ఎర్ర సిరాతో దిద్ది ఆమోదించిన ప్రతినే తీసుకోవాలి. ఎందుకన్నది చివరి మెట్టులో తెలుస్తుంది.

1. ఒప్పందంలో మూడు చోట్ల గీత గీయండి

మొదటి గీత రేటులో ఏమేమి కలిసి ఉన్నాయో చెప్పే చోట గీయండి. మన ఉదాహరణలో కాంక్రీటు రేటు ఘనపు మీటరుకు రూ. 10,500. అందులో సెంట్రింగు కలిసి ఉంది, ఇనుము లేదు. ఇనుము రేటు కిలోకు రూ. 82. కోత, వంపు, కట్టుడు, కట్టుడు తీగ, తరుగు అన్నీ అందులోనే ఉన్నాయి. తరుగు రేటులోనే ఉన్నప్పుడు దానిని కొలతలో మళ్లీ కలిపితే ఇంజనీరు కొట్టివేస్తారు.

రెండో గీత సైటులోని సరుకుకు సొమ్ము ఇస్తారా, ఇస్తే విలువలో ఎంత శాతం ఇస్తారు అన్న చోట గీయండి. కేంద్ర ప్రజా పనుల శాఖ ఒప్పందాల సాధారణ షరతులలో 10బి క్లాజు కింద, చెడిపోని సరుకుపై అంచనా విలువలో 90 శాతం వరకు ముందుగా ఇచ్చే వీలు ఉంది. ప్రైవేటు పనులలో మాత్రం ఒప్పందంలో రాసుకున్నదే చెల్లుతుంది. అసలు రాసుకోకపోతే అడిగే హక్కు ఉందని అనుకోకండి, ముందుగా యజమానితో మాట్లాడి కాగితం మీద పెట్టించుకోండి. మన ఉదాహరణలో 75 శాతం అని రాసి ఉంది.

మూడో గీత రిటెన్షన్ దగ్గర, అంటే ప్రతి బిల్లులోనూ యజమాని కొంతకాలం ఆపి ఉంచే సొమ్ము దగ్గర. మన ఒప్పందంలో అది చేసిన పని విలువపై 5 శాతం, సైటులోని సరుకుపై లేదు. కొన్ని ఒప్పందాలలో రెండింటి మీదా ఉంటుంది కాబట్టి వాక్యాన్ని పూర్తిగా చదవండి.

2. తేదీ పెట్టి, ఇంజనీరుతో కలిసి కొలవండి

పని కొలతలూ సరుకు లెక్కింపూ ఒకే రోజున జరగాలి. ఇరవై ఎనిమిదో తేదీన గోడలు కొలిచి, ఒకటో తేదీన బస్తాలు లెక్కపెడితే, మధ్యలో మేస్త్రి వాడిన బస్తాలు అక్కడా ఇక్కడా కూడా దొరకవు, లేదా రెండు చోట్లా దొరుకుతాయి. ఉదయం పని మొదలయ్యే ముందు కొలవడం అన్నిటికన్నా మంచిది. అప్పటికి కొత్త లోడు దిగి ఉండదు, బస్తా విప్పి ఉండరు.

మట్టి కప్పేసే పునాదిని, కాంక్రీటు కప్పేసే ఇనుమును బిల్లు వేసే రోజు కొలవడం సాధ్యం కాదు. అందువల్ల వాటి కొలతలు కప్పడానికి ముందే పుస్తకంలోకి ఎక్కి, ఇద్దరి సంతకాలూ పడి ఉండాలి. శ్లాబు పోసే ముందు ఇంజనీరు కడ్డీల తనిఖీకి ఎలాగూ వస్తారు. ఆ అరగంటలోనే కడ్డీల సంఖ్య, వ్యాసం, దూరం రాయించి సంతకం తీసుకోండి. టేపు ఆనించి తీసిన ఫోటో తోడుగా పనికి వస్తుంది కానీ, ఫోటో ఉంది కదా అని సంతకాన్ని వదులుకోకండి.

3. శ్లాబు, బీములు, పిల్లర్లు: కలిసే చోటును ఒక్కసారే లెక్కించండి

కాంక్రీటు కొలతలో అదనపు ఘనం దూరేది ఎక్కువగా ఇక్కడే. బీము పైభాగం శ్లాబులో కలిసి ఉంటుంది, పిల్లరు తల బీములో కలిసి ఉంటుంది. కలిసిన భాగాన్ని దేనిలో చూపాలో ముందే నిర్ణయించుకుని, బిల్లు మొదటి నుంచి చివరి వరకు అదే పద్ధతి పాటించండి. నేను శ్లాబును బయటి అంచు నుంచి బయటి అంచుకు పూర్తిగా కొలుస్తాను. పిల్లరును శ్లాబు అడుగు వరకు తీసుకుంటాను. బీమును పిల్లరు ముఖం నుంచి పిల్లరు ముఖం వరకు, శ్లాబు అడుగు నుంచి కిందికి మాత్రమే కొలుస్తాను.

మన ఇంటి శ్లాబు 12.00 మీటర్లు, 9.00 మీటర్లు. మందం 0.125 మీటరు. మెట్ల కోసం వదిలిన ఖాళీ 4.00 × 2.40, అంటే 9.60 చదరపు మీటర్లు. 108.00 నుంచి 9.60 తీసివేస్తే 98.40 చదరపు మీటర్లు, దానిని మందంతో గుణిస్తే 12.300 ఘనపు మీటర్లు.

బీములు పొడవు దిక్కున మూడు, అడ్డంగా నాలుగు. పిల్లర్లు 0.30 × 0.30 చొప్పున పన్నెండు. పొడవు బీము ఒక్కొక్కటి నాలుగు పిల్లర్లను దాటుతుంది కాబట్టి 12.00 నుంచి 1.20 తీసివేయగా 10.80 మీటర్లు, మూడు బీములకు 32.40. అడ్డబీము ఒక్కొక్కటి మూడు పిల్లర్లను దాటుతుంది కాబట్టి 8.10 మీటర్లు, నాలుగింటికి 32.40. మొత్తం 64.80 మీటర్లు. బీము వెడల్పు 0.23, మొత్తం లోతు 0.45. అందులో శ్లాబు మందం 0.125 పోగా 0.325 మిగులుతుంది. 64.80 × 0.23 × 0.325 గుణిస్తే 4.844 ఘనపు మీటర్లు.

ఇక్కడ లోతును 0.45 గానే వేస్తే ఏమవుతుందో చూడండి. 1.863 ఘనపు మీటర్లు అదనంగా వస్తాయి, మన రేటు ప్రకారం రూ. 19,561 పైచిలుకు. ఒక్క శ్లాబుకే అంత తేడా వచ్చిందంటే, ఇంజనీరు మిగిలిన పేజీలన్నీ అనుమానంతోనే తిప్పుతారు.

పిల్లర్లు పన్నెండు. అంతస్తు ఎత్తు 3.00 నుంచి శ్లాబు మందం తీసివేస్తే 2.875 మీటర్లు. కాబట్టి 12 × 0.30 × 0.30 × 2.875, అంటే 3.105 ఘనపు మీటర్లు. మూడూ కలిపి ఈసారి కాంక్రీటు 20.249 ఘనపు మీటర్లు. కడ్డీలు ఆక్రమించిన చోటును కాంక్రీటు నుంచి తీసివేయనవసరం లేదు, ఐ.ఎస్. 1200 అనే భారతీయ ప్రమాణంలోని కొలత పద్ధతి కూడా అలాగే చెబుతుంది.

4. ఇనుమును కొలతతో బరువుకు మార్చండి, చీటీతో కాదు

వేబ్రిడ్జి చీటీ మీరు కొన్న ఇనుమును చూపుతుంది. బిల్లులో పని కింద రావలసింది శ్లాబులోకి వెళ్లిన ఇనుము. రెండింటి మధ్య తరుగూ ఉంటుంది, స్టాకూ ఉంటుంది. అందువల్ల కడ్డీల పొడవు లెక్కగట్టి, మీటరు బరువుతో గుణించాలి. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుంటే మీటరు బరువు కిలోలలో ఇలా వస్తుంది:

```
w = d*d/162
```

దీని ప్రకారం 8 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు సుమారు 0.395 కిలోలు, 12 మిల్లీమీటర్లది 0.888, 16 మిల్లీమీటర్లది 1.58.

ఒక అడ్డబీమును దగ్గరగా చూద్దాం. అడుగున 16 మిల్లీమీటర్ల కడ్డీలు మూడు ఉన్నాయి. బీము పొడవు 9.00 నుంచి రెండు చివర్ల కాంక్రీటు కవరు 0.05 తీసివేసి, రెండు చివర్ల వంపులకు 0.30 చొప్పున కలిపితే ఒక్కో కడ్డీ 9.55 మీటర్లు. మూడింటికి 28.65 మీటర్లు, 1.58తో గుణిస్తే 45.27 కిలోలు. రింగులు 8 మిల్లీమీటర్లవి, 150 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి. ఈ బీములో పిల్లర్ల మధ్య 4.05 మీటర్ల ఖాళీలు రెండు. ఒక్కో దానిలో 27 దూరాలు పడతాయి కాబట్టి రింగులు 28, రెండింటికి 56. ఆ ఒకటి కలపడం మరిచిపోయి తమకు తామే నష్టం చేసుకునేవారు కూడా ఉన్నారు.

రింగు పొడవు దగ్గర నాదొక సలహా ఉంది. వంపులకు ఎంత తీసివేయాలి, కొక్కేనికి ఎంత కలపాలి అన్న సూత్రాల మీద ఇంజనీరుతో వాదన పెట్టుకోకండి. రాడ్ బెండరు కోసి ఉంచిన, ఇంకా వంచని ఒక ముక్కను తీసి, ఆయన ఎదుటే టేపు పెట్టండి. మన సైటులో అది 1.24 మీటర్లు వచ్చింది. 56 × 1.24 × 0.395, అంటే 27.43 కిలోలు. ఆ 1.24 పక్కన ఆయన పొట్టి సంతకం ఉంటే, చివరి బిల్లు వరకు ఆ ప్రశ్న మళ్లీ రాదు.

ఇలా పైకడ్డీలు, మిగిలిన బీములు, శ్లాబు వల, పిల్లర్లు, డ్రాయింగులో చూపిన అతుకులు, శ్లాబు పైకడ్డీలను ఎత్తి నిలిపే కుర్చీలు అన్నీ కలిపితే ఈసారి 1,920 కిలోలు వచ్చాయి. కిందటి బిల్లు వరకు 3,860 కిలోలు ఆమోదం పొందాయి. మొత్తం 5,780 కిలోలు.

5. గోడలు: పాత తప్పు దొరికితే ఇప్పుడే సరిచేయండి

పిల్లర్ల మధ్య ఒక గోడ 3.60 మీటర్ల పొడవు. బీము అడుగు వరకు ఎత్తు 2.55, మందం 0.23. గుణిస్తే 2.111 ఘనపు మీటర్లు. కిటికీ 1.50 × 1.20 కాబట్టి 0.414 తీసివేయాలి. కిటికీ మీది లింటెలు 1.80 × 0.15, దానికి 0.062. మిగిలినది 1.635. లింటెలు కాంక్రీటు లెక్కలోకి వెళ్తుంది కాబట్టి ఇటుక లెక్కలో ఉండకూడదు. పైపు దూరే చిన్న రంధ్రాలను, అంటే 0.1 చదరపు మీటరు లోపు వాటిని, తీసివేయనవసరం లేదు.

మన ఉదాహరణలో రెండో బిల్లులో ఇటుక పని 21.480 ఘనపు మీటర్లుగా ఆమోదం పొందింది. ఇప్పుడు కింది అంతస్తును మళ్లీ సరిచూస్తే రెండు కిటికీలు తీసివేయలేదని తేలింది. రెండింటికి 0.828. ఇలాంటప్పుడు ఎవరూ గమనించలేదు కదా అని ఊరుకోకండి. రన్నింగ్ బిల్లులో పాత కొలత ఏదీ అంతిమం కాదు, చివరి బిల్లు వరకు దిద్దుకోవచ్చు. కింది అంతస్తును 20.652గా దిద్ది, కొత్తగా కట్టిన 9.310 కలిపి, మొత్తం 29.962గా చూపండి. దిద్దుబాటు ఎందుకో పక్కన ఒక్క వాక్యం రాయండి. మనమే చెప్పిన తప్పుకూ వారు పట్టుకున్న తప్పుకూ మధ్య చాలా దూరం ఉంది. తరువాతి కొలతల దగ్గర ఆ తేడా మీకే తెలుస్తుంది.

6. సైటులోని సరుకును ఇంజనీరు ఎదుట లెక్కించండి

లెక్కలోకి వచ్చేది ఈ పనికి కావలసిన సరుకు, ఈ సైటులో దిగిన సరుకు, మంచి స్థితిలో ఉన్న సరుకు మాత్రమే. ఆటోనగర్‌లోని గోదాములో ఉన్న ఇనుమును చూపలేరు. ఇంకా ఆరు నెలలకు గాని అవసరం రాని టైల్స్‌ను ఇప్పుడే దింపి సొమ్ము అడిగినా చాలామంది ఒప్పుకోరు.

ఇనుమును వ్యాసం వారీగా వేరు చేసి, దుంగల మీద పెట్టించి, కడ్డీలను ఒక్కొక్కటిగా లెక్కించండి. 12 మీటర్ల నిండు కడ్డీలను మాత్రమే తీసుకోండి, తెగిన ముక్కలను కలపకండి. మనకు లెక్కలో 12 మిల్లీమీటర్లవి 96, 16 మిల్లీమీటర్లవి 30, 8 మిల్లీమీటర్లవి 80 ఉన్నాయి. బరువులు వరుసగా 1,023, 569, 379 కిలోలు. మొత్తం 1,971 కిలోలు.

సిమెంటు బస్తాలు 110 ఉన్నాయి. ఇక్కడ సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ప్రతి బస్తాను వేళ్లతో నొక్కి చూడాలి. గోడకు ఆనించి పేర్చిన అడుగు వరుసలో 14 బస్తాలు గట్టిపడి ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి 96 మాత్రమే రాయండి. బస్తా మీద ముద్రించిన తయారీ వారం, సంవత్సరం కూడా నమోదు చేయండి. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్ష లేకుండా ఇంజనీరు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

విలువ కట్టేటప్పుడు కొన్న ధరనే వేయాలి. ఇనుముకు కొనుగోలు బిల్లులో పన్ను కాకుండా కిలోకు రూ. 58 అని ఉంటే 58 వేయాలి గాని, ఒప్పందంలోని 82 వేయకూడదు. ఆ 82లో ఇంకా జరగని కోత, వంపు, కట్టుడు కూలి ఉన్నాయి. ఈ తప్పును నేను తరచుగా చూస్తుంటాను. ఇనుము 1,971 × 58, అంటే రూ. 1,14,318. సిమెంటు బస్తా రూ. 300 చొప్పున 96కు రూ. 28,800. రెండూ కలిపి రూ. 1,43,118. అందులో 75 శాతం రూ. 1,07,338.50.

ఒక హెచ్చరిక. సరుకుకు సొమ్ము అందినంత మాత్రాన దాని బాధ్యత సాధారణంగా యజమానికి మారదు. పనిలో కలిసేవరకు కాపాడవలసింది కాంట్రాక్టరే అని చాలా ఒప్పందాలలో ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. అలాంటి రోజున రేకు ఎగిరి బస్తాలు తడిస్తే, సొమ్ము ముందే తీసుకున్న సిమెంటును మళ్లీ మీరే కొనాలి. అక్టోబరు, నవంబరు నెలలలో అవసరానికి మించి సిమెంటు దించి బిల్లులో చూపడం మంచిది కాదని నా అభిప్రాయం.

7. ఇనుము లెక్కను సరిపోల్చండి

బిల్లులో ఏ కాగితాన్ని వదిలినా ఈ కాగితాన్ని వదలకండి. మొదటి రోజు నుంచి సైటుకు వచ్చిన ఇనుము, వేబ్రిడ్జి చీటీల ప్రకారం, 7,950 కిలోలు. పనిలో కొలిచినది 5,780. తరుగు 3 శాతం వేసుకుంటే 173. ఈ రెండూ తీసివేయగా సైటులో ఉండవలసినది 1,997 కిలోలు. లెక్కపెట్టినది 1,971. తేడా 26 కిలోలు. నిండు కడ్డీలు కాని ముక్కలను మనం లెక్కించలేదు కాబట్టి ఆ తేడా సహజమే.

ఈ తేడా మీకు రెండు దిక్కుల నుంచి కబురు చెబుతుంది. సైటులో ఉండవలసిన దానికంటే స్టాకు బాగా ఎక్కువగా కనబడితే, పనిలో ఇనుము ఎక్కువగా రాసుకున్నారన్న మాట, లేదా డ్రాయింగు ప్రకారం కడ్డీలు పడలేదన్న మాట. రెండోది బిల్లు కన్నా పెద్ద విషయం కాబట్టి వెంటనే ఇంజనీరుకు చెప్పాలి. స్టాకు బాగా తక్కువగా ఉంటే, కొలతలో ఏదో వదిలేశారు, లేదా తరుగు హద్దు మీరింది, లేదా సరుకు బయటికి పోయింది. కారణం దొరికేవరకు బిల్లు పంపకండి. 200 కిలోల తేడాను "తరుగు" అని రాసి దాటవేస్తే, అదే ప్రశ్న చివరి బిల్లులో పెద్దదై ఎదురవుతుంది.

8. అబ్‌స్ట్రాక్టు: మొదటి నుంచి నేటి వరకు వేసి, పాతది తీసివేయండి

అబ్‌స్ట్రాక్టు అంటే పనులన్నిటి పరిమాణం, రేటు, విలువ ఒక్కచోట చూపే పట్టిక. అందులో ఈ నెల పనిని మాత్రమే విడిగా వేయకండి. ప్రతి పనికీ మొదటి నుంచి ఈ రోజు వరకు మొత్తం పరిమాణం వేసి, రేటుతో గుణించి, చివరలో కిందటి బిల్లు వరకు ఆమోదించిన నికర మొత్తాన్ని ఒకేసారి తీసివేయాలి. ఇలా వేస్తే ఇటుక పనిలోని దిద్దుబాటు దానంతట అదే సర్దుకుంటుంది. పాత స్టాకు కూడా దానంతట అదే తొలగిపోతుంది.

మన లెక్క ఇలా వస్తుంది. కాంక్రీటు కిందటి 41.260కి ఈసారి 20.249 కలిపి 61.509 ఘనపు మీటర్లు, రూ. 6,45,844.50. ఇనుము 5,780 కిలోలు, రూ. 4,73,960. ఇటుక పని ఘనపు మీటరుకు రూ. 6,800 చొప్పున 29.962కు రూ. 2,03,741.60. మొదటి బిల్లులోనే పూర్తయిన మట్టి పని, పునాది అడుగు కాంక్రీటు వగైరా రూ. 1,86,400, మార్పు లేదు. చేసిన పని మొత్తం రూ. 15,09,946.10.

దానికి ఈ రోజున సైటులో ఉన్న సరుకు రూ. 1,07,338.50 కలపండి. పని విలువపై 5 శాతం రిటెన్షన్ రూ. 75,497.31 తీసివేయండి. నేటి వరకు నికరం రూ. 15,41,787.29.

కిందటి బిల్లులో పని రూ. 10,82,214, సరుకు రూ. 84,000, రిటెన్షన్ రూ. 54,110.70. అప్పటి నికరం రూ. 11,12,103.30. ఇది తీసివేస్తే ఈ బిల్లు కింద రావలసినది రూ. 4,29,683.99.

ఆ పాత రూ. 84,000 ఎక్కడికి పోయిందో గమనించండి. అది కిందటి నికరంలో ఉంది కాబట్టి మొత్తంగా తీసివేతలోకి వెళ్లింది. నేను మొదట్లో చేసిన తప్పు ఇక్కడే జరుగుతుంది. ఈ నెల పనిని విడిగా వేసి, ఈ నెల స్టాకును పూర్తిగా కలిపి, పాత స్టాకును తీసివేయడం మరిస్తే బిల్లు సరిగ్గా రూ. 84,000 ఎక్కువ వస్తుంది.

కంప్యూటరులో వేసేవారు ప్రతి వరుసలో పరిమాణాన్ని మూడు దశాంశాలకు సవరించి ఉంచండి. తెరమీద మూడు అంకెలే కనబడినా, లోపల మరికొన్ని దాగి ఉంటే, ఇంజనీరు కాలిక్యులేటరుతో గుణించినప్పుడు మీ మొత్తం సరిపోదు. B2 నుంచి E2 వరకు గడులలో సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు ఉంటే సూత్రం ఇలా ఉంటుంది:

```
=ROUND(B2*C2*D2*E2,3)
```

జీఎస్టీని, టీడీఎస్‌ను ఈ మొత్తం తరువాత వేర్వేరు వరుసలలో చూపండి, రేట్లలో కలపకండి. ప్రభుత్వ పనులైతే కార్మిక సంక్షేమ సెస్సు 1 శాతం వంటి కోతలు కూడా అక్కడే వస్తాయి. మీ విషయంలో ఏ పన్ను ఎంత అన్నది మీ ఆడిటరు చెప్పవలసిన మాట.

9. పంపే ముందు సరిచూడవలసినవి

మొదట, ఈసారి పెరిగిన మొత్తాలతో అదే జవాబు వస్తుందో చూడండి. పని పెరిగింది రూ. 4,27,732.10, సరుకు పెరిగింది రూ. 23,338.50, రిటెన్షన్ పెరిగింది రూ. 21,386.61. మొదటి రెండూ కలిపి మూడోది తీసివేస్తే రూ. 4,29,683.99 రావాలి. రెండు దారులలో ఒకే అంకె రాకపోతే, పాత బిల్లు నుంచి ఏదో ఒక అంకెను తప్పుగా ఎత్తి రాశారు.

రెండోది, ఘనపు మీటరు కాంక్రీటుకు ఎంత ఇనుము పడిందో భాగించి చూడండి. కిందటిసారి 3,860ని 41.260తో భాగిస్తే దాదాపు 94 కిలోలు, ఈసారి 1,920ని 20.249తో భాగిస్తే దాదాపు 95. ఒకే రకం ఇంట్లో ఈ అంకె హఠాత్తుగా 130కి వెళ్తే ఏదో ఒక బీమును రెండుసార్లు రాశారేమో వెతకండి.

మూడోది, ప్రతి పరిమాణాన్నీ ఒప్పందంలో అంచనా వేసిన పరిమాణంతో పోల్చండి. దాటితే, దాటడానికి కారణమైన డ్రాయింగు మార్పు లేదా ఇంజనీరు రాతపూర్వక ఆదేశం జతచేయాలి. నోటిమాట మీద చేసిన అదనపు పనిని మామూలు వరుసలలో దూర్చకండి. దానిని వేరే కాగితం మీద వేరుగా అడిగితే, కనీసం మిగిలిన బిల్లు ఆగకుండా ఉంటుంది.

కాగితాలను ముఖపత్రం, అబ్‌స్ట్రాక్టు, కొలతల పట్టికలు, కడ్డీల పట్టిక, స్టాకు పట్టిక, ఇనుము సరిపోల్చిన కాగితం, కొనుగోలు బిల్లుల నకళ్లు అనే క్రమంలో పెట్టండి. ముఖపత్రంలో పని పేరు, ఒప్పందం తేదీ, బిల్లు సంఖ్య, కొలిచిన తేదీ, అడుగుతున్న సొమ్ము ఉంటే చాలు. అబ్‌స్ట్రాక్టులోని ప్రతి పరిమాణం పక్కన అది వచ్చిన కొలతల పేజీ సంఖ్య వేయండి. ఇంజనీరు వెతుక్కోవలసిన అవసరం లేకపోతే బిల్లు ఆయన బల్ల మీద నిలవదు. ఒక ప్రతి మీద అందినట్లు తేదీతో సంతకం తీసుకోండి, చెల్లింపు గడువు ఆ తేదీ నుంచే మొదలవుతుందని ఒప్పందంలో ఉంటే ఆ సంతకమే మీకు ఆధారం.

బిల్లు దిద్దుబాట్లతో తిరిగి వచ్చాక, దిద్దిన ప్రతి అంకెకూ కారణం అడిగి రాసుకోండి. ఒప్పుకోని వాటిని వారం లోపు రాతపూర్వకంగా తెలపండి. ఆమోదించిన ఆ ప్రతినే నాలుగో బిల్లుకు విడిగా దాచండి. ఇంజనీరు 29.962ను 29.500గా దిద్దితే, నాలుగో బిల్లులో "కిందటి వరకు" అన్న గడిలో 29.500 రావాలి. మీరు అడిగిన 29.962నే అక్కడ రాస్తే, అందని సొమ్మును అందినట్లు మీరే ఒప్పుకున్నట్లవుతుంది.